నాలుగొందలకి

అక్క పోయిన రోజు వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు: చెయ్యి మంచిదే కానీ నోరు మంచిది కాదని. ఆ మాట మొదట అంటించినవాడు కూడా వచ్చి, అందరికంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేనే వాడికి మంచినీళ్లివ్వాల్సి వచ్చింది.

వాడు ఒక పెళ్లికూతురి మేనమామ. అక్క పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకునే రోజుల్లో మా వరండాలోకి నవ్వుకుంటూ వచ్చాడు. ఆరువందల మంది అన్నాడు. అక్క ప్లేటు నాలుగువందల యాభై చెప్పింది. వారం తిరగకుండా ఫోను: "చెల్లెమ్మా, ఐదొందలే వస్తారట." మళ్లీ ఫోను: "ఇంకో రెండు స్వీట్లు పెట్టు, ఒక కూర తీసెయ్, లెక్క సరిపోతుంది."

"ఎక్కడ సరిపోతుంది అన్నయ్యగారూ?" అంది అక్క, ఉల్లిపాయలు తరుగుతూనే. "ఒక కూర తీస్తే జనం మిగతా రెండూ ఎక్కువ తింటారు. స్వీటు పెడితే మాత్రం ఆ ఖర్చు పూర్తిగా కొత్తది."

చివరికి నాలుగువందల మందికి దిగాడు. మనుషులు తగ్గితే ప్లేటు ధర కూడా తగ్గాలని వాడి వాదన. వంటవాళ్ల కూలి, గిన్నెల అద్దె, వ్యాను ఖర్చు, ఇవేవీ మనుషులతోపాటు తగ్గవని, ఆ బరువంతా మిగిలిన ప్లేట్ల మీదే పడుతుందని, స్వీట్లతో కలిపి ప్లేటు ఐదువందల ముప్ఫై అవుతుందని అక్క ఎన్నిసార్లు చెప్పిందో. ఐదువందల మందికి తక్కువైతే అసలు ఒప్పుకోని మనిషి. వాడు బతిమాలి బతిమాలి ప్రాణం విసిగిస్తే, "సరే, నాలుగొందలకే చేస్తానులెండి" అని ఫోను పెట్టేసింది.

పెళ్లి మూడు రోజులుందనగా మిగతా సంగతులు మాట్లాడదామని హాలుకు వెళ్లాం. పెళ్లికూతురి తండ్రి, బంధువులు, మధ్యలో మేనమామ.

"మా చెల్లెమ్మ మంచిది. ప్లేటు నాలుగొందలకి ఒప్పుకుంది" అన్నాడు.

అక్క ముఖం నల్లబడింది. "నేనన్నది నాలుగొందల మందికి."

"మందికి అన్నావా? నాలుగొందలకే అన్నావు. ఫోను పక్కన మా ఆవిడ కూడా ఉంది. మాట మాటే కదమ్మా."

"మాట నాదే. అర్థమే మీది."

వాడు నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ ఒళ్లు మండిస్తుంది. ఆ ధరకు చేస్తే వంటవాళ్ల కూలిలో కోత పెట్టాలి. ఆ సంగతి వాడికి తెలుసు. ఇంకో వంటమనిషిని వెతికే టైము తమకు లేదని తెలిసినా, అక్కకి మానేసి వెళ్లడం కుదరదన్న ధీమాతో కూర్చున్నాడు. మధ్యలో వెళ్లిపోతే ఇంకో హాలువాడెవడూ ఆమెను గుమ్మం తొక్కనివ్వడు.

అక్క చేతిసంచిలోంచి లెక్కల కాగితం తీసింది. "అయితే ప్లేటు లెక్కే వద్దు. సరుకులు మీరే తెచ్చుకోండి. ఎంతెంత కావాలో చెప్తాను. వంట, వడ్డన మావి. కూలి, గిన్నెలు, వ్యాను కలిపి ఇంతని ముందే ఇవ్వాలి. ఎంతమందికి సరిపడా సరుకు చెప్పమంటారు?"

"నాలుగొందలకి" అన్నాడు మేనమామ.

"మా సరుకైతే ఓ యాభై మందికి ఎక్కువే వండుతాం, ఎవరైనా వస్తారని. ఆ ఖర్చు మా ధరలోనే ఉంటుంది. మీరూ అంత ఎక్కువ తెస్తారా?"

"నీ గొప్పలు మాకెందుకు? చెప్పినంతకు చెప్పు."

పెళ్లికూతురి తండ్రి అక్కడే డబ్బిచ్చాడు. అక్క ఆ రోజే వంటవాళ్లకు పూర్తి కూలి పంచేసింది.

పెళ్లిరోజు నాలుగువందల డెబ్భై మంది దిగారు. ఆఖరి వరుసకు అన్నం అడుగంటింది, కూర గీకినా గరిటెకు రాలేదు. మేనమామ వంటగదిలోకి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"చెల్లెమ్మా, ఏదో ఒకటి చెయ్. నీళ్లు కలిపైనా సర్దు. పరువు పోతోంది."

అక్క గరిటె కడిగి, తుడిచి, పక్కన పెట్టింది. "నాలుగొందలకి చేస్తానన్నాను అన్నయ్యగారూ. నాలుగొందలకే చేశాను."

వాడు బయటికెళ్లి, వంటమనిషి పొగరు వల్ల భోజనాలు చాలలేదని మైకులో చెప్పినంత గట్టిగా చెప్పాడు. ఆ ఏడాది మాకు మూడు పెళ్లిళ్లు తప్పిపోయాయి. ఆ వంటవాళ్లలో ఒక్కరూ అక్కను వదిలి వెళ్లలేదు. పాడె కింద భుజాలు వాళ్లవే.

అక్క పోయిన రోజు వాడు నీళ్లు తాగి గ్లాసు నా చేతికిస్తూ, "పాపం, మాట మీద నిలబడే మనిషి" అన్నాడు.

"ఏ మాట మీద?" అని అడిగాను.

వాడికి అర్థం కాలేదు. కుర్చీ ఖాళీ చేసి, చెప్పులు వెతుక్కున్నాడు.