కోపం ఉందని ఒప్పుకునే ప్రార్థన

గుజరాత్‌లోని భేస్తాన్‌లో నేను పాఠాలు చెప్పే హిందీ మీడియం బడిలో మగ్గాల మీద పనిచేసేవాళ్ల పిల్లలే ఎక్కువ. తెలంగాణ నుంచి వచ్చిన మావాళ్లు, మరాఠీలు, ఒడియావాళ్లు, ఉత్తరాది ముస్లింలు, కొద్దిమంది క్రైస్తవులు. ఒక ఊరేగింపు రోజున బడి దగ్గరి వీధిలో రాళ్లు పడ్డాయి. ఎవరు మొదలుపెట్టారో ఈనాటికీ తేలలేదు. షిఫ్టు దిగి ఇంటికి వస్తున్న ఒక కార్మికుడికి రాయి తగిలి, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. జగిత్యాల వైపు మనిషి. ఆయన కూతురు నా ఎనిమిదో తరగతిలో ఉంది. మర్నాడు పోలీసులు తీసుకెళ్లిన కుర్రాళ్లలో ఒకడు, ఆ పిల్ల పక్కనే కూర్చునే ముస్లిం అమ్మాయికి అన్న.

బడి తెరిచాక పిల్లలు మళ్లీ వరుసల్లో నిలబడ్డారు. మా పాత ప్రార్థన దేవిని కీర్తించే పాట. అదివరకు ఊరికే పెదవులు కదిపే ముస్లిం, క్రైస్తవ పిల్లలు ఆ రోజు అదీ చేయలేదు. మిగతావాళ్లు వాళ్ల వైపు చూస్తూ గొంతు పెంచి పాడారు. ప్రార్థన బెదిరింపులా వినబడింది.

హెడ్‌మిస్ట్రెస్ గుజరాతీ ఆవిడ, టీచర్లను 'బెన్', అంటే అక్కా, అని పిలుస్తారు. నన్ను గదిలోకి పిలిచారు. "బెన్, అందరూ కలిసి అనగలిగేది ఒకటి రాయండి. శాంతి కోసం. ఏ పిల్లకీ నోరు మూసుకోవాల్సిన అవసరం రాకూడదు."

సులువే అనుకున్నాను. 'ప్రభూ' అని మొదలుపెడితే క్రైస్తవుల పిల్లలకు బాగానే ఉంది, కొందరు ముస్లిం తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. 'నమన్' అంటే వంగి మొక్కడం, వాళ్లు అల్లాకు తప్ప వంగరు. 'మాలిక్' అని ఉర్దూలో పిలిస్తే హిందువుల ఇళ్ల నుంచి గొణుగుడు వచ్చింది. దేవుడి పేరూ పిలుపూ తీసేసి, 'కలుగుగాక' అని మాత్రం ఉంచాను. పాటకు గుడి వాసన ఉందని బాణీ వద్దనుకున్నాం. ఒకరు చెప్తే మిగతావాళ్లు అనాలి. ఒకటో తరగతి పిల్ల ఒక్క ఊపిరిలో అనగలిగినంతే వాక్యం. కొందరు చేతులు జోడిస్తారు, కొందరు చాస్తారు, అందుకే చేతుల గురించి ఏ ఆజ్ఞా లేదు. చివర ఓం, ఆమీన్ ఏదీ లేకుండా కాసేపు మౌనం. ఆ మౌనంలో ఎవరి దేవుడితో వాళ్లు మాట్లాడుకోవచ్చు, దేవుడు లేనివాళ్లు ఊరికే నిలబడొచ్చు.

నా తరగతిలో చదివి వినిపించాను. అందరూ తలూపారు. గంట కొట్టాక తండ్రి పోయిన పిల్ల ఆగిపోయింది.

"టీచర్, నేను గిది అనలేను."

"ఏంది బిడ్డా, దేవుని పేరు లేదనా?"

"అది కాదు. ఎవ్వలికి కీడు తలపెట్టం అని రాసిన్రు. నా తలంపుల గదే ఉన్నది. మా నాయినను కొట్టినోడు సావాలె అనిపిస్తది. పొద్దుగాల్నే నిలవడి అబద్ధం చెప్పాల్నా?"

మతాలన్నిటినీ లెక్కలోకి తీసుకున్నాను కానీ, దెబ్బ తిన్న మనిషిని తీసుకోలేదు. ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాశాను. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

*మాలో కోపం ఉంది.*
*అది మా చేతుల్లోకి రాకుండుగాక.*
*మాలో భయం ఉంది.*
*అది మా మాటల్లోకి రాకుండుగాక.*
*మా పక్కన నిలబడినవారు క్షేమంగా ఇల్లు చేరుదురుగాక.*
*మా వీధిలో, లోకమంతటా శాంతి కలుగుగాక.*

హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు చదివారు. "పిల్లల చేత కోపం ఉందని అనిపిస్తామా?" అన్నారు.

"ఉంది కదా మేడం," అన్నాను.

మొదటి రోజు వరుసల్లో అందరి నోళ్లూ కదిలాయి. ఆ పిల్ల మాత్రం 'కోపం ఉంది' అని గట్టిగా అని ఆగిపోయింది. రోజూ అంతే. ఎత్తు ప్రకారం ఆమె పక్కనే నిలబడే ముస్లిం అమ్మాయి 'భయం ఉంది' అన్నప్పుడు గొంతు వణికేది. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. కొంతకాలానికి ఆ అమ్మాయి కుటుంబం ఇల్లు ఖాళీ చేసి కిమ్ అనే ఊరికి వెళ్లిపోయింది. వాళ్లకు వీడ్కోలు చెప్పడానికి కూడా ఎవరూ వెళ్లలేదు.

ఆ వారమే తండ్రి పోయిన పిల్ల నన్ను అడిగింది. "టీచర్, ఆమె అన్నను ఇడిసిపెట్టిన్రా?"

"ఇంకా లేదు బిడ్డా."

"ఆడే రాయి ఏసిండని నేనెప్పుడన్న అన్ననా?" అంది. ఏడవలేదు.

తర్వాత ప్రార్థన చెప్పించే వంతు ఆమెకు వచ్చింది. వద్దంటే వేరేవాళ్లకు ఇస్తానన్నాను. చెప్తానంది. 'మాలో కోపం ఉంది' అంది. బడి అంతా అంది. తర్వాతి వాక్యం రాలేదు. పిల్లలు కదిలారు. పీటీ మాస్టారు ముందుకు రాబోతే హెడ్‌మిస్ట్రెస్ చేత్తో ఆపారు. చాలాసేపటికి, 'అది మా చేతుల్లోకి రాకుండుగాక' అంది. ఎంత చిన్నగా అంటే, ముందు వరుసలోని చిన్నపిల్లలకే వినబడింది. వాళ్లు మాత్రమే తిరిగి అన్నారు.

పరీక్షల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. ఇంటికి వెళ్లాను. తల్లీ కూతురూ గడపలో కూర్చుని కూలికి చీరలకు చమ్కీలు కుడుతున్నారు. పిల్లను బడికి పంపమన్నాను. "జర నువ్వన్న చెప్పు టీచరమ్మా, మేమెట్ల బతకాలె?" అంది తల్లి. పిల్ల తలెత్తకుండా సూదిలోకి దారం ఎక్కించుకుంది.