తాపీకి ఒకటిన్నర కూలీ

పంతొమ్మిది వందల అరవైలలో నేను ఒక గుత్తేదారు దగ్గర సూపర్‌వైజరుగా చేస్తున్నప్పుడు, అల్లూరు అవతల సముద్రం దిక్కున ఒక బడి కట్టే పని వచ్చింది. రోజుకు ఎంతమంది మనుషులు కావాలో అంచనా వేయడానికి మా అందరిదీ ఒకటే లెక్క. తొమ్మిదంగుళాల గోడకు ఒక తాపీపనివాడు రోజుకు నలభై ఘనపుటడుగులు కట్టాలి, అతనికి సిమెంటు మాలూ ఇటుకలూ అందించడానికి ఒకటిన్నర కూలీ. మాకు ఆరుగురు తాపీలు, తొమ్మిదిమంది ఆడకూలీలు ఉండేవారు. కాగితం మీద అంతా చక్కగానే ఉంది.

గోడ మాత్రం లెక్కలో సగానికి కాస్త పైన లేస్తోంది. స్లాబు కింద చెక్కల సెంట్రింగు కొట్టే వడ్రంగులు ఆదివారానికి గూడూరు నుంచి వస్తామన్నారు. అప్పటికి గోడలు కప్పు ఎత్తుకు రాకపోతే వాళ్ళు ఇంకో పనికి పోతారు. స్లాబు పడకముందే వానలు దిగితే ఇక బడి వచ్చే ఏడే. లోపలి పూత సంగతి చెప్పనే అక్కర్లేదు, సెంట్రింగు ఊడదీసిందాకా అది మొదలే కాదు.

గుత్తేదారు జీపు దిగుతూనే మేస్త్రీ మీద పడ్డాడు. మేస్త్రీ నెల్లూరు సాయిబు, ఆ ఆరుగురు తాపీల్లో పెద్ద, యాభై దాటిన మనిషి. తాతల నాటి నుంచీ వాళ్ళది తాపీపనే.

"నెల్లూరులో ఇదే ముఠా లెక్క ప్రకారం కట్టినారు గదా! ఇక్కడేం రోగం? శనివారం లోపల దారికి రాకపోతే నువ్వూ నీ ముఠా మూట కట్టుకోండి. చిల్లకూరు మేస్త్రీని తెస్తా."

"ఇటుక చేతికి రావడం లేదయ్యా," అన్నాడు మేస్త్రీ.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట!"

మేస్త్రీ చెప్పింది నిజం. లారీ ఇసకలో దిగబడుతుందని ఇటుకలన్నీ రోడ్డు పక్కనే దించారు. అక్కడికీ గోడకూ మధ్య పెద్ద ఇసక దిబ్బ. మడమల దాకా కూరుకుపోయే ఇసకలో ఆడవాళ్ళు గంపలు మోసుకొచ్చేలోగా తాపీలు చేతులు ముడుచుకుని కూర్చుంటున్నారు. మా లెక్క ఇటుక గోడ పక్కనే ఉన్నప్పటిది.

"ఆడవాళ్ళను ఇంకో ఆరుగురిని పెట్టండి," అన్నాను.

"పని సాగట్లేదు మొర్రో అంటుంటే ఖర్చు పెంచమంటావేందయా?" అని గుత్తేదారు వెళ్ళిపోయాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఇసక మీద కోపం మేస్త్రీ మీద చూపించాడు.

మర్నాడు పొద్దున నేను మేస్త్రీతో, ఈ ఒక్కరోజు ఇద్దరు తాపీలను ఇటుకల మోతకు పెట్టు, ఇటుక అందితే గోడ లేస్తుందని గుత్తేదారు తన కళ్ళతో తనే చూస్తాడు అన్నాను. ఒక్కడూ కదల్లేదు. తాపీ పట్టిన చెయ్యి మళ్ళీ గంప ఎత్తకూడదని ముఠాల్లో కట్టుబాటు.

"గంప ఎత్తినామని తెలిస్తే చుట్టాల్లో తలెత్తుకుంటామా?" అన్నాడు ఒకడు.

నాకసలే ముక్కు మీద కోపం. "అయితే శనివారం మూటలెత్తుకోండి!" అని అరిచాను.

మేస్త్రీ తాపీ తుడిచి గోడ మీద పెట్టాడు. తలగుడ్డ తీసి చుట్టకుదురు చేసుకుని, గంప పట్టుకుని దిబ్బ ఎక్కాడు. చూడలేక నేను తల తిప్పుకున్నాను. కాసేపటికి అదే ముఠాలో తాపీ అయిన అతని తమ్ముడూ వెనకే వెళ్ళాడు.

సాయంత్రం గుత్తేదారు వచ్చి తనే టేపు పట్టి కొలిచాడు. ముందురోజు ఆరుగురు కట్టినదానికన్నా ఆవేళ నలుగురు కట్టింది కాస్త ఎక్కువే. ఆయన ముఖం విప్పారింది. అర్థమైందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఇంకేం! రోజూ ఇట్లానే ఇద్దరు తాపీలు మోస్తే సరి. కొత్తగా ఆడోళ్ళెందుకు?"

నా ఒళ్ళు మండిపోయింది. "నలుగురు కడితే నలుగురి పనే అవుతుంది. ఆదివారానికి గోడలు లేవాలంటే ఆరుగురూ కట్టాల. ఇంత చూసినాక కూడా మేస్త్రీని తీసేస్తే నన్నూ తీసెయ్యండి!"

మేస్త్రీ అప్పుడే దిబ్బ దిగి వచ్చాడు, గంప ఇంకా నెత్తి మీదే ఉంది.

"అయ్యా, ఈ పొద్దు మోసింది మీకు చూపించేదానికి. రేపు కూడా మోస్తే ఇంకో ఆడకూతురి కూలి కొట్టినట్టు. నేను మొయ్యను. తీసేస్తే తీసెయ్యండి."

గుత్తేదారు టేపు చుడుతూ ఆ దిబ్బకేసి చూసి, జీపెక్కాడు. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

తెల్లారేసరికి పక్క పల్లె నుంచి ఆరుగురు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు, గుత్తేదారు పంపాడని. ఆదివారం వడ్రంగులు దిగేసరికి గోడలు కప్పు ఎత్తుకు అందాయి. మేస్త్రీ ముఠా నిలిచింది.

అంతకుముందు కూలీ గంపతో వస్తే మేస్త్రీ తల తిప్పకుండానే "ఊఁ, దించు" అనేవాడు. ఆ రోజు నుంచి తాపీ పక్కన పెట్టి లేచేవాడు. "ఆగు తల్లీ, మెడ ఎట్టా పీకుతుందో నాకు తెలిసొచ్చింది," అంటూ రెండు చేతులతో గంప తనే దించేవాడు.