పది మందిమి పెట్టిన రొట్టెల దుకాణం

బోధన్ బస్టాండ్ దిక్కు మేము జొన్న రొట్టెల దుకాణం పెడ్తమంటే మా ఇంట్ల ఎవ్వరు నమ్మలే. నమ్మకపోవుడుకు కారణం నేనే. నాకు రొట్టె కొట్టుడు రాదు. జాకెట్లు కుడ్త, మా మహిళా సంఘం పుస్తకం రాస్త, లెక్క తప్పకుంట చెప్త. కని జొన్నపిండి నా చేతులకొస్తే దానికి ఏమైతదో, అంచులు పగులుతయి.

మా సంఘంల పది మందిమి. కోటగిరి పోయే తొవ్వల ఉన్న ఊరు మాది. చిన్నప్పుడు ఎటు సూసినా చెరుకే ఉండేది, ఇప్పుడంతా వరి. చెరుకు పోయినా షుగరు మాత్రం పోలే, ప్రతి ఇంట్ల ఒకరు బిళ్లలు మింగుతున్నరు. డాక్టరు అన్నం తగ్గించి రొట్టె తినుమంటడు, టౌన్ల కోడండ్లకేమో రొట్టె కొట్ట రాదు. మా లీడరక్క ఇది పట్టుకున్నది. "కొనేటోళ్లున్నరు, కొట్టేటోళ్లున్నరు, నడిమిట్ల ఒక దుకాణమే లేదు" అన్నది. అందరం సంతకాలు పెట్టి బ్యాంకుల లోను తీసుకున్నం. రోడ్డు మీద ఒక చిన్న మడిగె కిరాయికి దొరికింది. రెండు పొయ్యిలు, రొట్టె కాల్సే రెండు పెంకలు.

మొదటి మీటింగ్‌ల రూలు పెట్టింది నేనే. "అందరం సమానం. అందరు అన్ని పనులు వంతుల వారీగ చెయ్యాలె. పిండి పట్టిచ్చ గిర్నికి పోవుడు, రొట్టె కొట్టుడు, గల్లా మీద కూసునుడు, గిన్నెలు కడుగుడు. కూలి అందరికి ఒక్కటే." చెప్తున్నప్పుడు నాకే ఎంత మంచిగనిపించిందో. తీర్మానం అందంగ రాసిన, కింద గీత గూడ కొట్టిన. ఆదివారం చర్చికి పోయే మా ముగ్గురికి ఆ రోజు వంతు లేకుంట జాగ్రత్తగ సర్దిన. నా చేతుల సంగతి ఒక్కటి మర్చిపోయిన.

మూడో రోజు పొయ్యి కాడ నా వంతు వచ్చింది. దెగ్లూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు రెండు రొట్టెలు, మిరపకాయ తొక్కు అడిగిండు. పళ్లెం ముంగట పెట్టుకొని శాన సేపు సూసిండు.

"అక్కా, నేను రెండు అడిగిన. ఇవి ఆరు ముక్కలున్నయి. ఎన్నిటికి పైసలియ్యాలె?"

మర్యాదగనే అడిగిండు, అదే ఇంకా బాధ. పక్క పొయ్యి కాడున్న అవ్వ నా దిక్కు సూడకుంటనే తను చేసిన రెండు రొట్టెలు ఆయన పళ్లెంల ఏసింది. అవ్వ మా సంఘంల అందరికన్న పెద్దది. ఆమె రొట్టె పెంక మీద గాలి నింపినట్టు పొంగుతది.

తెల్లారి గల్లా మీద అవ్వ వంతు. నాలుగో రొట్టె అడిగిన ఒక సారుతోని, "నీ కడుపు సూడు, మూడు సాలు, లే" అన్నది. సారు లేసిండు. ఆ ఎన్క ఇద్దరు కాలేజీ పిల్లలొచ్చి తిన్నంక ఎంతైందవ్వా అంటే, "ముందు సదువుకోండ్రి" అని పంపిచ్చింది. పొద్దుగూకేసరికి గల్లా తేలికగ ఉండె.

ఎవ్వరు మీటింగ్ పెట్టకుంటనే వంతులు మారిపోయినయి. అవ్వతోని కలిపి మంచిగ కొట్టేటోళ్లు నలుగురు పొయ్యి కాడికి పోయిండ్రు. మేము ముందటికొచ్చి అమ్ముతున్నం, గిర్నికి పోతున్నం. దుకాణం నడిచింది. కని కూలి మాత్రం నా గీత కొట్టిన రూలు ప్రకారమే, అందరికి ఒక్కటే. ఎండకాలమొచ్చింది. పొయ్యి కాడి నలుగురు మాట్లాడుడు తగ్గిచ్చిండ్రు. మేము ఫ్యాను కింద కూసున్నోళ్లం గదా, మాకు ఆ సప్పుడు లేకపోవుడు వినపడలే.

ఒకరోజు లీడరక్క నవ్వుకుంట వచ్చింది. ఫంక్షన్ హాలు నడిపే ఆయన, తన హాల్ల అయ్యే ఒక పెండ్లికి నాలుగు వందల రొట్టెలు అడిగిండట. "సరే అని చెప్పిన. ఎల్లుండి పొద్దుగాల" అన్నది.

అవ్వ చేతికున్న పిండి కడుక్కున్నది. కొంగుకు తుడుసుకొని గోడకానుకొని కూసున్నది. మిగిలిన ముగ్గురు గూడ కూసున్నరు.

"ఏమైందవ్వా?" అన్నది లీడరక్క.

"ఏం గాలే. మాట నువ్విచ్చినవ్, చేతులు మావి. మమ్ముల అడిగినవా?"

"సంఘానికి మంచిదే గదా అని చెప్పిన."

"మరి సంఘంల మేము లేమా?"

ఆ రోజు రెండు దాటంగనే దుకాణం మూసి, పది మందిమి మడిగెలనే కూసున్నం. కాదు, తొమ్మిది మందిమి. ఒకామె మోకాళ్ల నొప్పులతోని నెల రోజుల సంది ఇంట్లనే ఉన్నది. మా ఊర్ల సంఘాల పుస్తకాలు సూసే చెల్లెను పిలిచినం. తీర్పు చెప్తదనుకున్నం. ఆ పిల్ల తీర్పు చెప్పలే, ప్రశ్నలడిగింది.

"నెల సంది రాని అక్కకు ఏమియ్యాలె?"

"ఏమొద్దు, పని చెయ్యలే గదా" అన్నది ఒకామె.

"లోను కాయితం మీద ఆమె సంతకం లేదా? దుకాణం మునిగితే ఆమె కట్టదా?"

అవ్వనే అన్నది: "అయితే కూలి వేరు, లాభం వేరు. కూలి పని చేసినోళ్లకు. లాభం పదిమందికి."

నేను ఎన్నో ఏండ్ల సంది పుస్తకం రాస్తున్న, నాకు ఈ ముక్క తట్టలే. కొత్త తీర్మానం రాసినం. రొట్టె కొట్టేటోళ్లకు రొట్టెకింత. అమ్మేటోళ్లకు, గిర్నికి పోయేటోళ్లకు రోజుకింత. కిరాయి, కిస్తు, పిండి ఖర్చులు పోంగ మిగిలిన దాంట్ల కొంత సంఘం ఖాతాల పక్కకు పెట్టి, మిగితాది పదిమందికి సమానం. వంద రొట్టెలు దాటిన ఆర్డరైతే, కొట్టేటోళ్లు ఒప్పుకుంటెనే సరే అనాలె. ఇంకో మాట లీడరక్కనే చెప్పి రాయిచ్చింది: ప్రతి ఏడాది లీడరు మారాలె. చెప్పేటప్పుడు ఆమె మొఖం కొంచెం చిన్నగైంది, కని చెప్పింది. నాకు రోజు కూలి రొట్టె కొట్టేటోళ్లకన్న తక్కువొచ్చింది. ఆ రాత్రి ఇంట్ల చెప్తే మా ఆయన, "నీ చేతుల్తోని రాసుకున్నవ్ గదా" అని నవ్విండు.

మరి నాలుగు వందల ఆర్డరు? తెల్లారి లీడరక్క, నేను హాలుకు పోతుంటె, మిగిలిన ముగ్గురితోని మాట్లాడుకొని అవ్వ గూడ ఆటో ఎక్కింది. ఫంక్షన్ హాలాయనను ఒక్కటే అడిగింది.

"ఎంతమందొస్తరు బిడ్డా?"

"మూడు వందలు."

"పెండ్లికొచ్చి బగార అన్నం తినకుంట రొట్టె తినేటోళ్లు సగం గూడ ఉండరు. రెండు వందలు సాలు. మా పొయ్యిలు ఈడికే తెస్తం, వేడి వేడిగ ఏస్తం."

ఆయన ఒప్పుకున్నడు.

పెండ్లి రోజు నలుగురు కొడుతుంటే మేము పళ్లేలు మోసినం. మొదట ముసలోళ్లే వచ్చిండ్రు, తర్వాత పొంగే రొట్టెను సూసుడుకు వయసు పిల్లలు గూడ లైను కట్టిండ్రు. పెండ్లికొడుకు మేనత్త ఐదోది అడిగితే అవ్వ నోరు తెరిచింది, నేను ఉరికి పోయి మధ్యల నిలబడ్డ. నాలుగు గంటలయ్యేసరికి పెంకలు సల్లారినయి, ఏడు రొట్టెలు మిగిలినయి. మేము తొమ్మిది మందిమి. హాలు ఎనక అరుగు మీద కూసొని, తొక్కు పెట్టుకొని, ఎవరికి అందింది వాళ్లు తుంచుకొని తిన్నం. రెండు మాత్రం అవ్వ ముందుగాలనే పేపర్ల సుట్టి, మోకాళ్లామె ఇంటికి అని నా సంచిల పెట్టింది.