మూడు గ్రాముల పంతం

ఆసుపత్రి వంటగదిలో శాండ్‌విచ్ బల్ల దగ్గర పందొమ్మిదేళ్లుగా నిలబడుతున్న ఆ మనిషికి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. అందరూ మాత్రం బ్రెడ్డక్క అనే పిలుస్తారు. బ్రెడ్డు ముక్కను వేలితో నొక్కి అది నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేస్తుంది. నోరు కూడా కత్తికి తీసిపోదు.

అలాంటి మనిషి ఆ నెల్లో నోరెత్తడం బాగా తగ్గించేసింది. పై అంతస్తు వార్డులో ఆమె అన్నయ్య ఉన్నాడు. నలభై ఏళ్లు లారీ తోలిన మనిషి, తుంటి విరిగి మంచాన పడ్డాడు. కదలక మెదలక నడుము కింద పుండు పడింది. అది మానితే ఇంటికి పంపుతారు, మానకపోతే ఎముకదాకా పాకుతుంది. "మందు మేం వేస్తాం. కండ పట్టాలంటే మాత్రం రోజుకు డెబ్బై గ్రాముల ప్రొటీన్ లోపలికి పోవాలి" అన్నాడు డాక్టరు.

బ్రెడ్డక్క అది తన పనే అనుకుంది. ఆసుపత్రిలో పోషకాహారం చూసే అమ్మాయిని పట్టుకుని లెక్కలన్నీ రాబట్టింది. వాళ్లకొచ్చే తెల్ల బ్రెడ్డులో ముక్కకు రెండున్నర గ్రాములు, గోధుమ బ్రెడ్డులో మూడున్నర, గింజలున్న మల్టీగ్రెయిన్‌లో నాలుగు. కీరా, టమాటా పెడితే తడి తప్ప వచ్చేదేమీ లేదు, వెన్న రాస్తే నునుపు తప్ప బలం రాదు. అసలు బలమంతా ఉడికించిన గుడ్డులో ఉంది, ఆరు గ్రాములు. చీజ్ ముక్కకు నాలుగు.

"అక్కా, లోపల పెట్టేది సరిగ్గా ఉంటే తెల్ల బ్రెడ్డయినా పర్లేదు. రెండు ముక్కల మీద తేడా మూడు గ్రాములే, సగం గుడ్డు పాటి" అంది ఆ అమ్మాయి.

"మా అన్నయ్యకు ఆ సగం గుడ్డు మాత్రం ఎందుకు తగ్గాలి?" అని బ్రెడ్డక్క స్టోరు గుమస్తాతో తగువు పెట్టుకుని మరీ మల్టీగ్రెయిన్ తెప్పించింది. రెండు ముక్కలకు ఎనిమిది, గుడ్డుకు ఆరు, చీజ్‌కు నాలుగు, కలిపి పద్దెనిమిది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పంపింది. మిగతాది పాలు, పప్పు పూడుస్తాయని ధీమా.

ట్రేతోపాటు వెళ్లే కాగితంలో రెండు గడులుంటాయి, పంపినది ఒకటి, తిన్నది ఒకటి. ఖాళీ ట్రేలన్నీ రాత్రికి కిందికి వచ్చేసరికి బ్రెడ్డక్క డ్యూటీ దిగిపోతుంది. అందుకని రెండు గడుల్లోనూ ముందే టిక్కు పెట్టేయడం ఆమెకు అలవాటు. ఇన్నేళ్లలో ఒక్కరూ అదేమిటని అడగలేదు.

డ్యూటీ అయ్యాక పైకి వెళ్లి, "ఎలా ఉందన్నయ్యా?" అనేది.

"అదిరిపోయింది చెల్లీ. నీ చేతిలో ఏదో ఉంది" అనేవాడు.

మూడు వారాలకు అన్నయ్య మూడు కిలోలు తగ్గాడు. పుండు ఇంకా లోతైంది. డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "తిండి పూర్తిగానే తింటున్నాడే!" అని ఇంకేవేవో పరీక్షలు రాశాడు. ఆ పరీక్షల్లో ఏమీ తేలలేదు.

ఆ మర్నాడు పక్క మంచం పెద్దాయన ఇంటికి వెళ్తూ బ్రెడ్డక్కకు చేతులు జోడించాడు. "మీ చలవేనమ్మా. రోజూ రెండు పూటలా మీ శాండ్‌విచ్ తిని లేచి కూర్చున్నాను. నాకొద్దు, నువ్వు తిను అంటూ మీ అన్నయ్యే ఇచ్చేవాడు."

బ్రెడ్డక్క అన్నయ్య మంచం వైపు తిరిగింది.

"అన్నయ్యా, నిజమేనా?"

అన్నయ్య గోడవైపు చూస్తూ గొణిగాడు. "మంచాన పడ్డాక ఒళ్లు తగ్గి పళ్లసెట్టు వదులైపోయిందే. ఆ గింజలు కిందికి దూరి చిగుళ్లు కోసేస్తున్నాయి. అంత ఆశగా చేసి పంపుతుంటే నీకెలా చెప్పను? పారేస్తే నీ చేతి తిండి పారేసినట్టు ఉంటుందని ఆయనకిచ్చాను."

"తెల్ల బ్రెడ్డయితే తినేవాడివా?"

"మొదట్లో అయితే తినేవాణ్ణే" అన్నాడు.

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. పద్దెనిమిది పంపి, పద్దెనిమిదీ తిన్నాడని తన చేత్తోనే రాసింది. ఆ టిక్కులు చూసే డాక్టరు ఇన్నాళ్లూ ఇంకెక్కడో వెతికాడు. తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు, తను తప్ప.

మర్నాడు పొద్దున డాక్టరు ఎదుట నిలబడి, టిక్కుల సంగతి దాచకుండా చెప్పేసింది. ఆయన పాత కాగితాలు పక్కన పెట్టేశాడు. "రేపు ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపి చూద్దాం. ఆలస్యమైతే అయింది" అన్నాడు.

ఆ సాయంత్రం బ్రెడ్డక్క తెల్ల బ్రెడ్డు అంచులు కోసేసింది. గుడ్డు మెత్తగా చిదిమి, చీజ్ కరిగించి కలిపింది. పదిహేను గ్రాములో, అంచులు పోయాయి కాబట్టి ఇంకాస్త తక్కువో. డ్యూటీ దిగాక ట్రే తనే పట్టుకుని పైకి వెళ్లి, మంచం పక్కన కూర్చుని తుంచి పెట్టింది. అతను మూడు ముద్దలు తిన్నాడు. నాలుగోది నోట్లోనే ఉండిపోయింది.

"ఇంక దిగట్లేదే. మొత్తం తిన్నానని రాసెయ్" అని నవ్వబోయాడు.

ఆమె కాగితం ఒళ్లో పెట్టుకుని, పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ రెండో గడిలో ఏం రాయాలా అని ఆగింది. తర్వాత "మూడు ముద్దలు" అని రాసింది.