ఐదు పాయింట్లు

జమ్మలమడుగు దగ్గర సున్నపురాయి క్రషర్‌లో నేను మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంతో నేను చేసిన పాడుపని ఒకటి ఇక్కడ చెప్పాలి.

మా క్రషర్‌లో రాయిని పైకి మోసే పెద్ద బెల్టు ఉంది. దాన్ని తిప్పే డ్రమ్ము ఇరుసు, అంటే షాఫ్ట్, అరిగిపోయింది. కొత్త షాఫ్ట్ చేయించి, దాని చివర మోటారుతో కలిపే కప్లింగ్ హబ్ ఎక్కించాలి. హబ్ అంటే నడుమ బోరు, అంటే గుండ్రటి బొక్క, ఉన్న బరువైన ఉక్కు దిమ్మ. బోరు సరిగ్గా వంద మిల్లీమీటర్లు. షాఫ్ట్ అంతకన్నా వెంట్రుకవాసి లావుగా ఉండాలి, అప్పుడే పట్టు. చల్లగా ఉండగా ఎక్కదు కాబట్టి హబ్‌ను కాల్చి, బోరు పెద్దదయ్యాక గబుక్కున తొడిగేయాలి. చల్లారాక దాన్ని ఎవడూ కదిలించలేడు.

షాఫ్ట్ పని ప్రొద్దుటూరులో ఒక ముసలాయనకిచ్చాను. నలభై ఏళ్లుగా అదే లేతు మీద ఇనుము చెక్కే టర్నర్. నేను ఆయన్ను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. "వంద మీద ఐదు పాయింట్లు ఎక్కువ పెట్టు మామా" అన్నాను. "ఐదు పాయింట్లు. అయితది పో అల్లుడా" అన్నాడు. కాగితం లేదు, గీత లేదు. మా పక్క పనులన్నీ ఇట్లా నోటి మాట మీదే నడుస్తాయి.

షాఫ్ట్ వచ్చింది. మా దగ్గరున్న మైక్రోమీటరు వంద దాకానే కొలుస్తుంది. దాన్ని తెరిచి పెడితే షాఫ్ట్ పట్టలేదు. వంద కన్నా లావని తెలిసింది గానీ ఎంత లావో తెలియలేదు. పెద్ద మైక్రోమీటరు పక్క ప్లాంటులో ఉంది, అడిగితే ఇస్తారు. నేను అడగలేదు. ఐదు పాయింట్లన్నాడు కదా, ఐదే ఉంటుందిలే అనుకున్నాను.

లెక్క సులువే. వంద మిల్లీమీటర్ల ఉక్కు వంద డిగ్రీలు వేడెక్కితే పన్నెండు పాయింట్లు పెరుగుతుంది. పాయింటంటే మిల్లీమీటరులో నూరో వంతు. షాఫ్ట్ ఐదు పాయింట్లు ఎక్కువ, ఆగకుండా జారడానికి ఇంకో పది సందు కావాలి, మొత్తం పదిహేను. అంటే నూట ఇరవై ఐదు డిగ్రీలు పెంచాలి. ఆ రోజు షెడ్డులో ఎండే నలభై. రెండూ కలిపితే నూట అరవై ఐదు. నూట డెబ్బై దగ్గర కరిగే చాక్ ఉంది, దాంతో హబ్ మీద గీశాను. గీత కరిగితే వేడి వచ్చినట్టు.

మా ఓనరు కూడా వచ్చి నిలబడ్డాడు. "ఏమప్పా, కాలిస్తే ఇనుము లోపలికి గూడా ఉబ్బుతది గదా, బొక్క చిన్నదైతది గదా?" అన్నాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. "లేదు సార్. దిమ్మ మొత్తం పెరుగుతాంది, దాంతోపాటే బొక్క గూడా పెరుగుతది. చపాతీని సాగదీస్తే నడుమ బొక్క చిన్నదైతదా?" అన్నాను. ఆయన నవ్వాడు. నేను ఆ నవ్వుకు పొంగిపోయాను.

బర్నరుతో చుట్టూ సమంగా కాల్చాం. చాక్ గీత కరిగి నీరైంది. నలుగురం గ్లవ్స్ తొడుక్కుని హబ్ ఎత్తి షాఫ్ట్ మీదకు తోశాం. సగం దాకా పోయింది. అక్కడ ఆగింది. "తొయ్యండప్పా, తొయ్యండి" అని అరిచాను. సుత్తితో కొట్టాం. కదలలేదు. వేడి హబ్ నుంచి షాఫ్ట్‌లోకి దిగిపోతోంది, హబ్ చల్లారి బిగుస్తోంది. వెనక్కి లాగే పుల్లర్ వేస్తే దాని కాలే వంగింది. మళ్లీ కాలిస్తే హబ్‌తోపాటు షాఫ్ట్ కూడా ఉబ్బింది. అటు పోదు, ఇటు రాదు.

లెక్క తప్పలేదు, మరి ఎందుకు ఆగింది? ఫోను తీసి, స్పీకరు పెట్టి, అందరూ వినేటట్టు టర్నర్‌కు ఫోన్ చేశాను.

"ఏం మామా, ఐదు పాయింట్లు అని చెప్పి ఎంత పెట్టినావు? పని సర్వనాశనం చేసినావు!"

"ఐదే పెట్టినా అల్లుడా. కొల్చుకో" అన్నాడాయన.

"కొల్చేది ఏంది? కండ్లు కనపడకపోతే లేతు మూసేసుకో!"

ఓనరు నా చేతిలో ఫోను లాక్కుని, "పెద్దాయనా, ఇంక మా పనులు నీకు పంపములే" అని పెట్టేశాడు.

మధ్యాహ్నం హబ్‌ను గ్రైండరుతో చీల్చి తీశాం. షాఫ్ట్ ఒక పక్క గీసుకుపోయింది. అప్పుడు, అంతా అయిపోయాక, పక్క ప్లాంటు నుంచి పెద్ద మైక్రోమీటరు తెచ్చాను. గీత పడని చోట కొలిచాను. వంద మీద పదమూడు పాయింట్లు. చూశారా, నేను చెప్పలేదా అని లేచి నిలబడ్డాను. వెంటనే కూర్చున్నాను. పదమూడు ఏంటి? ఐదు ఏంటి? ఆ ముసలాయన లేతు అంగుళాల లేతు. దాని డయల్ మీద ఒక గీతంటే అంగుళంలో వెయ్యో వంతు. అట్లాంటివి ఐదంటే మన లెక్కలో దాదాపు పదమూడు పాయింట్లు. ఆయనకు పాయింటంటే ఆ గీత. నాకు పాయింటంటే ఈ మైక్రోమీటరు గీత. అడిగినంత అచ్చంగా పెట్టాడు. నేను లెక్క వేసుకున్న పది పాయింట్ల సందులో మిగిలింది రెండే, ఎట్లా జారుతుంది?

మరుసటి రోజు బండి వేసుకుని ప్రొద్దుటూరు పోయాను. ఆయన లేతు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేతు ఆగి ఉంది.

"తప్పు నాది మామా. మిల్లీమీటర్లు అని చెప్పలే. కొలువను గూడా కొలువలే."

ఆయన డయల్‌ను గుడ్డతో తుడుస్తూ విన్నాడు. కోపం చూపించలేదు, నాకు అదే ఎక్కువ కష్టమైంది.

"సరే. ఈడ నాకెందుకు చెప్తాండావు అల్లుడా? నాకు తెలుసు గదా. ఆడ అందరి ముందర అన్నావు, ఆడనే చెప్పు."

చెప్తానన్నాను. ఆయన చేయి పట్టుకుని మరీ చెప్తానన్నాను.

ఓనరు కొత్త షాఫ్ట్‌ను కంప్యూటర్ లేతున్న ఇంకో షాపులో చేయించాడు. ఈసారి కాగితం మీద రాసి ఇచ్చాం: వంద పాయింట్ సున్నా ఐదు మిల్లీమీటర్లు. కొత్త హబ్. అదే నూట డెబ్బై చాక్. గీత కరగగానే ఎత్తి తోశాం. రెండు సెకన్లలో వెళ్లి అంచుకు టక్కుమని తగిలింది. అందరూ కేకలు వేశారు.

ఓనరు నా భుజం తట్టాడు. "నీ లెక్క మొదట్నుంచి సరిగ్గానే ఉండాదప్పా. ఆ ముసలోనికి చూపు పోయింది, పాపం."

ఆ రోజు ఫోన్ విన్నవాళ్లందరూ అక్కడే ఉన్నారు. నోరు తెరిచాను కూడా. చెప్పాల్సింది రెండు ముక్కలే. ఓనరు చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది.

"ఔ సార్, పెద్దాయన గదా" అన్నాను.