అక్క ఎప్పుడూ వాడని మందులు

మా అక్క తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరు. చిన్నప్పుడు కోరింత దగ్గు వచ్చి ప్రాణం దక్కింది గాని, ఎడమ ఊపిరితిత్తి అడుగు భాగం పాడైపోయింది. అక్కడి శ్వాసనాళాలు సాగిపోయి, వదులు సంచుల్లా తయారై, కఫం పైకి రాకుండా నిలవ ఉండిపోయేది. రోజూ పొద్దున్నే లేచి, మంచం అంచు మీద బోర్లా పడుకుని, తల కిందికి వాల్చి, దగ్గి దగ్గి ఆ కఫాన్ని బయటికి తెచ్చుకున్నాకే కాఫీ తాగేది. క్లాసులో దగ్గు వస్తే బోర్డు వైపు తిరిగేది. పిల్లలకి అదేదో లెక్క ఆలోచిస్తున్నట్టే ఉండేదట.

నేను ఏలూరులో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో డాక్టర్ని. రోగుల్ని చూసే డాక్టర్ని కాను. వాళ్ల కఫంలో, మూత్రంలో, పుండు రసిలో ఉన్న బాక్టీరియాని ప్లేటు మీద పెంచి, అది ఏ మందుకి లొంగుతుందో ఏ మందుకి లొంగదో చెప్పడం నా పని. మనుషులు నాకు సీసా మీద అంటించిన చీటీలుగానే తెలుసు. ఆ ఏడు చలికాలంలో అలాంటి ఒక చీటీ మీద మా అక్క పేరు చూశాను.

అక్కకి చలికాలం వస్తే దగ్గు ముదిరేది. అప్పుడల్లా బావగారు మందుల షాపుకి వెళ్లి లీవోఫ్లాక్సాసిన్ బిళ్లలు తెచ్చేవారు. మొదట్లో డాక్టరు రాసిందే. ఆ తర్వాత చీటీ అడిగినవాళ్లు లేరు. బిళ్లలు పడగానే కఫం రంగు మారి, అక్క మళ్లీ స్కూలుకి వెళ్లేది. కొన్నేళ్లు అలాగే గడిచిపోయాయి. ఆ సంవత్సరం మాత్రం బిళ్లలు అయిపోయినా జ్వరం తగ్గలేదు. కఫం పచ్చగా, చిక్కగా మారింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వచ్చేది. బావగారు కారు మాట్లాడుకుని ఏలూరు తీసుకొచ్చేశారు. దారిలో భీమడోలు దగ్గర రైలు గేటు పడితే, ఆ కాసేపూ అక్క పెదవులు నీలంగా మారుతుంటే చూస్తూ కూర్చున్నానని తర్వాతెప్పుడో నాతో అన్నారు.

మా ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు గారు పెద్దాయన, అనుభవం ఉన్న మనిషి. కఫం నా దగ్గరికి పంపించి, ఫలితం వచ్చేదాకా ఆగలేక మెరోపెనెం మొదలుపెట్టారు. పెద్ద మందు. అక్క ఒంట్లోకి అంతకుముందెన్నడూ వెళ్లని మందు.

మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు తియ్యగానే తెలిసిపోయింది. మగ్గిన ద్రాక్షపళ్ల లాంటి తియ్యటి వాసన. ప్లేటంతా ఆకుపచ్చ. సూడోమోనాస్ అనే మొండి బాక్టీరియా. దాన్ని కొత్త ప్లేటు మీద పరిచి, మందు అద్దిన చిన్న కాగితం బిళ్లల్ని పెట్టాను. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఆ మర్నాడు చూస్తే లీవోఫ్లాక్సాసిన్ చుట్టూ అసలు వలయమే లేదు. అది అనుకున్నదే. కాని సెఫ్టాజిడీమ్ చుట్టూ, పిపరాసిలిన్ చుట్టూ కూడా చాలీచాలని వలయాలే. మెరోపెనెం వలయం కూడా కుంచించుకుపోయి ఉంది. వీటిలో ఏ ఒక్కటీ అక్క ఈ జబ్బుకి ముందు వాడలేదు. లీవోఫ్లాక్సాసిన్‌కి, వీటికి చుట్టరికం కూడా లేదు. అది బాక్టీరియా జన్యువుల ముడులు విప్పే ఎంజైముని పట్టుకుంటుంది, ఇవి దాని గోడ కట్టనివ్వవు. ఇన్నిటి మధ్యా ఇమిపెనెం, అమికాసిన్ చుట్టూ మాత్రం వలయాలు పెద్దగా, తేటగా ఉన్నాయి.

రిపోర్టు వెళ్లిన కాసేపటికి డాక్టరు గారు ఫోన్ చేశారు.

"ఏవండీ మేడం, మెరోపెనెం పనిచెయ్యదు, ఇమిపెనెం పనిచేస్తుంది అని రాశారు. అటుదిటూ ఇటుదటూ పడిందేమో ఓసారి చూడండి. రెండూ ఒకే కుటుంబం మందులు కదండీ."

"చూశానండీ. వచ్చింది వచ్చినట్టే రాశాను."

"మీ అక్కగారని తెలుసండీ నాకు. అందుకే అడుగుతున్నాను. ఇలాంటప్పుడు ఎవరికైనా చెయ్యి తడబడుతుంది."

నాకు కోపం రాలేదు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. "మళ్లీ పెడతానండీ" అన్నాను.

మళ్లీ పెట్టాను. ఈసారి బిళ్లలు నేను పెట్టకుండా, ఎవరి కఫమో చెప్పకుండా మా టెక్నీషియన్ చేత పెట్టించాను. దాంతోపాటు ఇంకో పరీక్ష కూడా చేశాను. రెండు వరుసల గాజు గొట్టాల్లో లీవోఫ్లాక్సాసిన్‌ని తక్కువ నుంచి ఎక్కువకి పోసి, ఒక వరుసలో మాత్రం, లోపలికొచ్చిన మందుని బయటికి తోసేసే బాక్టీరియా పంపుల్ని అడ్డుకునే రసాయనం కలిపాను. నా అనుమానం ఆ పంపుల మీదే.

అప్పటికి అక్కకి మెరోపెనెం పడుతూనే ఉంది, జ్వరం మాత్రం అలాగే ఉంది. సాయంత్రం పైన వార్డుకి వెళ్తే బావగారు వరండాలో ఎదురొచ్చారు.

"నాకొకటి అర్థం కావట్లేదమ్మా. ఆ మెరో ఏదో, అది మీ అక్క జన్మలో వాడలేదు కదా. వాడని మందు మొండికెయ్యడమేంటి?"

లోపలికి నడిచి అక్క మంచం పక్కన కూర్చున్నాం. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, కళ్లు మూసుకుని ఉంది. నేను బావగారికి చెప్పడం మొదలుపెట్టాను. ఈ జాతి బాక్టీరియాకి రెండు పొరలుంటాయి. బయటి పొర బిగువు. సన్నని రంధ్రాల గుండా మందు కొంచెం కొంచెంగానే లోపలికి దిగుతుంది. ఆ రెండు పొరల్నీ కలుపుతూ, లోపలి పొర నుంచి బయటి పొర దాకా, మూడు ముక్కలు బిగించిన పంపులుంటాయి. లోపలి ముక్క మందుని పట్టుకుంటుంది, బయటి ముక్క గొట్టం, మధ్యది రెండిటినీ కలుపుతుంది. చొరబడిన మందుని ఎత్తి, నేరుగా బయటికే తోసేస్తాయి. ఆ పంపుకి ఇది ఫలానా మందని తెలియదు. దాని పట్టులో ఇమిడే ఆకారాలు చాలా ఉన్నాయి, ఇమిడినదాన్నల్లా విసిరేస్తుంది.

"మరి ఇన్నాళ్లూ ఆ పంపులు లేవా?"

"ఉన్నాయండీ. తక్కువగా ఉండేవి. వాటిని అదుపులో ఉంచే జన్యువొకటి ఉంటుంది. కోట్ల బాక్టీరియాలో ఎక్కడో ఒకదానికి అది చెడిపోతుంది. ఇక అది పంపుల్ని లెక్క లేకుండా తయారుచేసుకుంటుంది. లీవోఫ్లాక్సాసిన్ పడ్డప్పుడల్లా మిగతావి చచ్చిపోయి అలాంటివే మిగిలాయి. పెరిగింది ఒకే రకం పంపు. కాని అదే పంపు మిగతా మందుల్నీ తోస్తుంది."

అక్క కళ్లు తెరవకుండానే అంది. "తొట్టి లెక్క."

"ఏంటక్కా?"

"ఏడో క్లాసులో చెబుతాం కదే. ఒక కుళాయి నింపుతుంది, ఇంకోటి ఖాళీ చేస్తుంది. నింపే కుళాయి సన్నగా ఉండి, ఖాళీ చేసేది జోరుగా ఉంటే తొట్టి ఎప్పటికీ నిండదు." ఊపిరి తీసుకోడానికి ఆగింది. "మందు లోపలికి వెళ్తుంది. నిలవదు. అంతేనా?"

అంతే. ఈ మాట నేను ల్యాబుకి నేర్చుకోడానికొచ్చే విద్యార్థులకి ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

బావగారు నేల చూస్తూ, "ఆ బిళ్లలు తెచ్చిపెట్టింది నేనే" అన్నారు.

"మింగింది నేనండీ" అంది అక్క. "మీరు తేకపోతే ఎందుకు తేలేదని గొడవ పెట్టేదాన్ని."

రెండోసారి పెట్టిన ప్లేటు మొదటిదానిలాగే వచ్చింది. గాజు గొట్టాల్లో, అడ్డుకునే రసాయనం కలిపిన వరుసలో బాక్టీరియా చాలా తక్కువ మందుకే ఆగిపోయింది. ఇవి పట్టుకుని డాక్టరు గారి గదికి వెళ్లాను. "ఈ ఒక్క పరీక్షతో అంతా రుజువైపోదండీ. కాని ప్లేటుతో కలిపి చూస్తే సరిపోతోంది. ఈ పంపు మెరోపెనెంని తోస్తుంది, ఇమిపెనెంని పట్టుకోలేదు. కుటుంబం ఒకటే అయినా ఆకారం తేడా" అన్నాను. ఆయన ప్లేటుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"నేను చదువుకున్నప్పుడు ఇది ఇంత వివరంగా లేదండీ. మారుద్దాం" అన్నారు. "కాని ఇమిపెనెం ఒక్కటే ఇస్తే?"

ఆయన భయం నాకూ ఉంది. ఇమిపెనెం లోపలికి వెళ్లే ద్వారం ఒకటుంది. ఆ ద్వారాన్ని పోగొట్టుకున్న బాక్టీరియా ఒక్కటి మిగిలినా, రేపు ఆ మందు కూడా పోతుంది. తోడుగా అమికాసిన్ ఇవ్వాలి. అమికాసిన్‌తో మూత్రపిండాలకి, చెవులకి ప్రమాదం. చెవి పోతే మళ్లీ రాదు.

ఆ మాట అక్కకి నేనే చెప్పాను. బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. "పంపుని ఆపే రసాయనం ఉందన్నావు కదమ్మా. అదే ఎక్కించమను, పాత మందులు పనిచేస్తాయి కదా."

"అది గాజు గొట్టం వరకేనండీ బావగారూ. మనిషికి విషం. మనిషికివ్వగలిగింది ఇంకా ఎవరూ తయారు చెయ్యలేకపోయారు."

అక్క అడిగింది ఒకటే. "చెవులు కచ్చితంగా పోతాయా?"

"కచ్చితంగా అని కాదు. పోవచ్చు."

"అయితే ఇవ్వమను."

మందులు మార్చాక జ్వరం మెల్లగా దిగింది. కఫం పలచబడింది. ఆక్సిజన్ తీసేసిన రోజు అక్క దుప్పటి మడతపెట్టుకుని, నర్సు వద్దంటున్నా లేచి కూర్చుంది. రక్తపరీక్షలు రోజూ చూసుకుంటూనే ఉన్నాం, మూత్రపిండాలు నిలబడ్డాయి. చెవులు నిలబడలేదు. ఇంటికి వెళ్లాక రెండు చెవుల్లో ఈల లాంటి మోత మొదలైంది. సన్నటి గొంతులు వినపడడం మానేశాయి. అమికాసిన్ అప్పటికే ఆపేశారు గాని, పోయింది పోయినట్టే ఉండిపోయింది.

అక్క ఉద్యోగం మానలేదు. ఆఖరి బెంచీ ఆడపిల్లల మాట వినపడక, ప్రశ్న అడిగి వాళ్ల దగ్గరికే నడిచి వెళ్తుంది. ఇప్పుడు దగ్గు వచ్చినా మందుల షాపు మాటే ఎవరూ ఎత్తరు. ఉప్పునీటి ఆవిరి పడుతుంది, బోర్లా పడుకుని కఫం తీసుకుంటుంది. జ్వరం, ఆయాసం ఉంటేనే ఏలూరు వస్తుంది.

మొన్న చెకప్‌కి వచ్చి మా ఇంట్లో రెండ్రోజులు ఉన్నప్పుడు కఫం మళ్లీ ప్లేటు మీద పెట్టాను. అదే ఆకుపచ్చ, అదే వాసన. ఆ బాక్టీరియా అక్కని వదిలి వెళ్లలేదు, వెళ్లదు కూడా. ఇమిపెనెం చుట్టూ వలయం ఉంది గాని, అప్పటికంటే కాస్త చిన్నదైంది. దాచాలనిపించింది. దాచలేదు. కాస్త మెరుగ్గా వినపడే ఆమె కుడి చెవి పక్కకి వెళ్లి, కొంచెం గట్టిగా చెప్పాను.

"ఇప్పుడు నాకు జ్వరం లేదు కదా?" అంది.

"లేదు."

"అయితే ఇప్పుడు మందు వద్దు."

సంచిలోంచి జవాబు పేపర్ల కట్ట తీసి, మా డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని దిద్దడం మొదలుపెట్టింది. బావగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఒక్కో పేపరూ ఆమె చేతికి అందిస్తున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగాను.