బావి చెలక, రోడ్డు చెలక

మా తమ్ముడంటే నాకు కుళ్ళు. ఇంత వయసు వచ్చాక ఈ మాట దాచుకోవడం దేనికి? వాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. వాడు పుట్టిన రోజు నుంచి మా బాపు పొలం నుంచి రాగానే మొదట వాడి పేరే పిలిచేవాడు. పెళ్ళయ్యి, ఆర్మూరులో కాపురం పెట్టి, నా పిల్లలు బడికి పోతున్నా ఆ పిలుపు నాకు ఎక్కడో గుచ్చుకుంటూనే ఉండేది.

మా ఊరు మెండోర దిక్కున. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పసుపు కాలం, ఉడికించి ఆరబోసిన కొమ్ములు తిరగేయడానికి నన్ను రమ్మన్నారు. రెండో రోజు మధ్యాహ్నం అమ్మ ఏదో కాగితం కావాలంటే మరదలు తన బీరువా తాళం తీసింది. లోపల, చీరల పక్కన, బాపు పట్టాదారు పాసు పుస్తకాలు. అవి ఎప్పుడూ బాపు మంచం కింది రేకు పెట్టెలో ఉండేవి. చిన్నప్పుడు ఆ పెట్టె ముట్టుకుంటేనే తిట్లు తినేదాన్ని. ఇప్పుడు అవి మరదలి చీరల పక్కన నిమ్మళంగా ఉన్నాయి.

నా ఒళ్ళు మండిపోయింది. అంతా వాడికే రాసేశాడు అనుకున్నాను. ఆ సాయంత్రం దాకా కొమ్ములను ఏ కసితో తిరగేశానో, పక్కన ఉన్న కూలీ ఆమె, "ఏందమ్మా, పసుపు మీద గింత కోపం?" అని నవ్వింది.

అన్నం దగ్గర ఆగలేకపోయాను.

"బాపూ, నాకేమన్న ఉంచినవా, లేకుంటే అంత తమ్మునికే రాసినవా?"

ఎంత మెత్తగా అడగొచ్చో అంత మొరటుగా అడిగాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగింది. "మీ బాపు బతికుండంగనే పంచుకుంటరానే? నోరెట్ల వచ్చింది నీకు?" అంది. మరదలు లోపలికి పోయింది. తమ్ముడు తల దించుకుని, "బాపు పెట్టెల చెదలు పట్టింది అక్కా. అందుకే పుస్తకాలు బీరువల పెట్టినం" అన్నాడు. నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. వాడికి బీరువా ఉండడం మీద కూడా కుళ్ళుకున్నాను.

బాపు మాత్రం కోపం చేసుకోలేదు. అంతకుముందు వానాకాలంలో ఆయనకు ఎడమ చెయ్యి కొంచెం పడిపోయి, దవాఖానలో పది రోజులు ఉండి వచ్చాడు. అప్పటి నుంచి ప్రతి పనీ ముందే చక్కబెట్టుకోవాలని తొందర. చెయ్యి కడుక్కుని, "అడుగుడు మంచిగనే అయింది. నేను పోయినంక అడిగితే జవాబు ఎవ్వరు చెప్తరు?" అన్నాడు. తర్వాత, "నువ్వే పంచు బిడ్డా" అన్నాడు.

"నేనా?" అన్నాను.

"రెండు పాళ్ళు నువ్వు చెయ్యి. వాడు ముందుగాల ఏరుకుంటడు. మిగిలింది నీది. మా నాయిన మా అన్నదమ్ములకు గిట్లనే పంచిండు. ఎవ్వని మీద ఎవ్వడు నోరు లేపలె."

మా దిక్కు అన్నదమ్ముల మధ్య ఆ పద్ధతి ఉంది. ఆడపిల్ల చేతికి ఆ పని ఇవ్వడం మాత్రం నేను వినలేదు.

ఉన్న పొలం రెండు చెలకలు. బాపు కొన్నవే, తాత పంచిన పాలు ఎప్పుడో అమ్ముడుపోయింది. ఒకటి బావి చెలక: నీళ్ళు, మోటరు, నల్ల నేల. నేను చిన్నప్పుడు బాపుకు అన్నం మూట తీసుకుపోయింది అక్కడికే. ఆయన తిన్నాక మిగిలిన ముద్ద నాకు పెట్టేవాడు, అప్పటికి తమ్ముడు ఉయ్యాలలో ఉన్నాడు కాబట్టి. నాకు కావలసింది ఆ చెలకే. రెండోది రోడ్డు చెలక: పెద్దది, ఎర్ర నేల, నీళ్ళు లేవు, కానీ దారి పక్కనే ఉంది.

వారం రోజులు నోటుబుక్కు పట్టుకుని గట్ల మీద తిరిగాను. నిజం చెబుతున్నాను, నాలో న్యాయం ఏమీ లేదు. వాడికి ఒక్క సాలు కూడా ఎక్కువ పోకూడదు, అంతే. కానీ ఏ పాలు నా మీద పడుతుందో నాకే తెలియదు. వాడు బావి చెలకే ఎత్తుకుంటాడని నా అనుమానం, మోటరు వాడే పెట్టించాడు. అప్పుడు రోడ్డు చెలక ఎండుతుంది కదా? అందుకని, బావి ఎవరికి పోయినా రెండో చెలకకు రోజు మార్చి రోజు నీళ్ళు పారాలని రాశాను. పైపుకు గట్టు పక్కన దారి వదలాలని రాశాను. బావి చెలకకు బండి పోయే బాట రోడ్డు చెలకలోంచే కాబట్టి, అదీ మూయకూడదని రాశాను. నేల మంచి చెడు చూసి, రెండు చెలకల నడుమ గట్టును కాగితం మీద కొంచెం జరిపాను. కుళ్ళు కొద్దీ అంత సరిగ్గా కొలిచాను.

బుక్కు చదివించుకుని బాపు నవ్వాడు. "మంచిగ చేసినవ్. మరి మేమేడ ఉంటం?"

ఇల్లు మర్చిపోయాను! నా చూపంతా చెలకల మీదే ఉంది. అమ్మ నా మొహం చూడకుండా కూరగాయలు తరుగుతూ ఉంది. ఆ సిగ్గు మాత్రం గట్టిగా తగిలింది. ఇల్లు అమ్మ బతికినన్నాళ్ళు అమ్మది, ఆ తర్వాత ఇద్దరికీ సగం అని ఆమె ఎదురుగానే రాశాను. అప్పుడు అమ్మ, "రాయి, కరెక్టుగ రాయి" అంది. అన్నం దగ్గర నేనలా అడిగినప్పటి నుంచి మాట్లాడనిది, ఆ రోజు నుంచి మళ్ళీ నాతో మాట్లాడింది.

తమ్ముడు మాత్రం ఏరుకోలేదు. "ఆలోచిస్త" అన్నాడు. ఆ పది రోజులు నాకు అన్నం సయించలేదు.

చివరికి వీలునామా రాయించడానికి అందరం ఆర్మూరు వచ్చాం. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర కాగితాలు రాసే పెద్దమనిషి అన్నీ విడమరిచి చెప్పాడు. "సొంత కష్టంతోని కొన్నది, ఎవ్వరికన్న రాయొచ్చు. రాయకుంట పోతే మీ ఇంటామెకు, ఇద్దరు పిల్లలకు సమానం. వీలునామా మీరు పోయినంకనే పని చేస్తది. అప్పటిదాక భూమి మీదే, మనసు మారితే మళ్ళ రాయొచ్చు. సాక్షులు ఇద్దరు కావాలె. పాలు వచ్చేటోళ్ళు కాకుంట బయటోళ్ళను పెట్టుండ్రి." బాపు తన ఈడు వాళ్ళను ఇద్దరిని వెంట తెచ్చాడు.

"ఏది ఎవ్వరికి?" పెద్దమనిషి కలం పట్టుకుని అడిగాడు.

నేను తమ్ముడి వైపు చూశాను.

"రోడ్డు చెలక నాకు రాయుండ్రి" అన్నాడు తమ్ముడు. "బావి దిక్కుది అక్కకు."

మోటరు పెట్టించింది వాడు. ఏళ్ళుగా దున్నింది వాడు. "ఎందుకురా?" అన్నాను.

"నువ్వు నోటుబుక్కుల బావి చెలక ఎన్నిసార్లు కొట్టేసి రాసినవో చూసిన అక్కా. నీళ్ళు నాకు ఎట్లనో వస్తయని నువ్వే రాసినవ్ గదా."

బాపు వాడి వైపు చూశాడు. ఆ చూపు నేను చిన్నప్పుడు బావి గట్టు మీద, ముద్ద పెట్టేటప్పుడు చూశాను. తమ్ముడు ఉయ్యాల దిగాక ఆ చూపు మళ్ళీ నా వైపు రాలేదు.

బాపు కుడి చేత్తో నెమ్మదిగా సంతకం చేశాడు. సాక్షులు చేశారు. లోపల రిజిస్టరు అయింది. బయటికి రాగానే తమ్ముడు పాసు పుస్తకాల సంచి నా చేతికిచ్చి, "నువ్వే పట్టుకో" అన్నాడు.

పసుపు పని ఇంకా మిగిలిందని నేనూ వాళ్ళతో ఊరికి తిరిగి పోతూ, బస్సులో వెనక సీటులో కూర్చున్నాను. నేను కోరిన చెలక కాగితం మీద నాదయింది, సంచి నా ఒళ్ళో ఉంది. ముందు సీటులో బాపు చెయ్యి తమ్ముడి భుజం మీద ఉంది. ఊరు వచ్చేదాకా తియ్యలేదు.